మేకు కొట్టని గోడలు: మిత్రుని తొలి ఇంటికి శుభాకాంక్ష రాసిన అనుభవం

2024 ఫిబ్రవరిలో, మాఘ మాసపు ముహూర్తాలు మొదలైన రోజుల్లో, నల్లగొండ నుంచి నా మిత్రుని భార్య ఫోన్ చేసింది. పానగల్లు వైపు వాళ్లు కట్టుకున్న ఇల్లు పూర్తయిందని, పది రోజుల్లో గృహప్రవేశమని చెప్పి, ఆ తర్వాత కాసేపు ఆగి ఒక మాట అడిగింది. "అన్నా, బట్టలు పెడుతరు, చదివింపులు చేస్తరు, అవన్నీ ఉంటయి. గని మా కోసమని నాలుగు మాటలు మీరు రాసుకొని వచ్చి అందరి ముందట చదవాలె. ఆయనకు చెప్పలే, మీకే చెప్తున్న" అన్నది. మహబూబ్‌నగర్‌లో తెలుగు ఉపాధ్యాయునిగా పనిచేస్తున్న నాకు పెళ్లి పత్రికలు, పదవీ విరమణ సన్మాన పత్రాలు రాయడం అలవాటే గనుక, ఒక గంటలో అయిపోయే పని అనుకొని సరేనన్నాను. ఆ ఒక్క పేజీ నా చేత తొమ్మిది రోజులు పని చేయించింది.

ఇక్కడ మా వరుస సంగతి చెప్పాలి. అతడూ నేనూ బంధువులం కాము, ఒక ఊరివాళ్లమూ కాము. 1999లో నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాలలో డిగ్రీలో చేరి, రామగిరిలో ఒక గది అద్దెకు తీసుకొని ఉన్నప్పటి నుంచి ఒకరినొకరు 'బావా' అని పిలుచుకుంటున్నాము. అతడు నాకు బావ కనుక అతని భార్య నాకు చెల్లె అయింది, నేను ఆమెకు అన్ననయ్యాను. వరుస అలా కుదిరింది కాబట్టి ఆ శుభాకాంక్ష ఒక స్నేహితుడు స్నేహితునికి రాసేది మాత్రమే కాదని, ఆ ఇంటి ఇల్లాలికి అన్న తరఫున రాసేది కూడా అవుతుందని నాకు ఆలస్యంగా తట్టింది. మొదటి ప్రతి తప్పడానికి సగం కారణం అదే.

ఆ మొదటి ప్రతిని ఇప్పటికీ దాచుకున్నాను. "నూటయాభై గజాల స్థలంలో, తూర్పు ముఖంగా, రెండు పడక గదులతో, చక్కని చలువరాతి గచ్చుతో నిర్మించుకున్న ఈ నూతన గృహంలో మీరు అష్టైశ్వర్యాలతో తులతూగాలని, అనతికాలంలోనే పై అంతస్తు కూడా నిర్మించుకోవాలని మనసారా కోరుకుంటున్నాను" అని అందులో ఉంది. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా మర్నాడు పొద్దున బడిలో కూర్చొని చదువుకుంటే, అందులోని నామవాచకాలన్నీ ఇళ్లు అమ్మేవాళ్లు గోడలకు అంటించే కాగితంలో ఉండేవేనని కనిపించింది. గజాలు, దిక్కు, గదులు, గచ్చు, అంతస్తు ఉన్నాయి, నా బావ మాత్రం లేడు. పక్క ప్లాటు వాళ్ల గృహప్రవేశంలో అదే కాగితం చదివినా ఎవరికీ తేడా తెలియదు. పైగా, మా వైపు ఏ గృహప్రవేశానికి పోయినా చెప్పులు విడిచేలోపే "గజం ఎంత పడ్డది?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ముచ్చట ఆ రోజు ఎలాగూ నడుస్తుంది. దానిని కాగితం మీద పెట్టి మళ్లీ చదవవలసిన అవసరం లేదు. పై అంతస్తు మాటైతే మరీ తప్పు. బ్యాంకు వాయిదా మొదలైన నెలలోనే ఇంకో అప్పుకు దీవించినట్లయింది.

ఆ కాగితం పక్కన పెట్టి, రాయడం మానేసి, మా ఇద్దరికీ కలిపి ఉన్న జ్ఞాపకాలను ఒక నోటుపుస్తకంలో ఊరికే ఎక్కించడం మొదలుపెట్టాను. రెండు రోజుల్లో పదిహేను దాకా అయ్యాయి. వాటిలో చాలావరకు ఇంటితో సంబంధం లేనివి. పరీక్ష ఫీజుకు అతడు తన గడియారం కుదువబెట్టినది, చెరువుగట్టు జాతరకు కాలినడకన పోయినది, గడియారం సెంటర్‌లో రాత్రి పది దాటాక ఒకే చాయ్ ఇద్దరం తాగినది. అవి బాగానే ఉంటాయి గాని, అవి ఏ వేదిక మీదనైనా చెప్పగలిగినవి. ఇంటి గడపలో నిలబడి చెప్పేది ఇంటిని తాకాలి. ఆ దృష్టితో మళ్లీ చూసుకుంటే ఒకటి తేలింది.

రామగిరి గదికి తాళంచెవి ఇచ్చేటప్పుడు ఆ ఇంటి యజమాని పెట్టిన షరతుల్లో ఒకటి, గోడకు మేకు కొట్టవద్దని. సున్నం పెచ్చులు రాలుతుందని అతని భయం, అది న్యాయమైన భయమే. మా బావ తండ్రి అప్పటికి రెండేళ్ల కిందట కాలం చేశాడు. మర్రిగూడ వైపు బత్తాయి తోటలో కూలికి పోయే ఆయన ఫొటో ఒక్కటే ఉంటే దానిని నల్లగొండలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించుకొని, తన వెంట తెచ్చుకున్నాడు. మేకు కొట్టే వీలు లేదు కాబట్టి దానిని కిటికీ గూట్లో పుస్తకాల పక్కన ఆనించి పెట్టాడు. వాన జల్లు కొడితే ఆ ఫొటోను తండ్రి తువ్వాలలోనే చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేవాడు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, బిడ్డ. ఆ మధ్యలో నాలుగు అద్దె ఇళ్లు మారాడు, మూడింటికి సామాను ఎత్తినవాళ్లలో నేనూ ఒకణ్ని. ప్రతి ఇంట్లోనూ ఆ ఫొటో అలమరలోనో, బీరువా మీదనో ఆనించే ఉంది. ఒక ఇంట్లో గోడకు మేకు ఉన్నా, అది ముందు కిరాయిదారు కొట్టినదని, దానికి తగిలిస్తే మనమే కొట్టామనుకుంటారని తగిలించలేదు. మహబూబ్‌నగర్‌లో నా సొంత గోడకు క్యాలెండరు వేలాడుతుంటే చూస్తూ కూర్చున్నప్పుడు, ఇరవై నాలుగేళ్లుగా ఆ ఫొటో గోడకు ఎక్కలేదన్న సంగతి నాకు మొదటిసారి లెక్కకు వచ్చింది. అంతకుముందు అది కళ్ల ముందు ఉన్నా లెక్కకు రాలేదు.

శుభాకాంక్షకు ఆధారం దొరికిందని తెలిసింది, కాని వెంటనే రాయలేదు. చనిపోయిన మనిషి ప్రస్తావన శుభకార్యంలో, అదీ పాలు పొంగించిన రోజున తేవచ్చునా అన్నది ఒక్క నేను తేల్చవలసిన విషయం కాదు. అతని తల్లి అక్కడ ముందు వరుసలో కూర్చొని ఉంటుంది. అందరి ముందు ఆమెకు కన్నీళ్లు తెప్పించే హక్కు నాకు లేదు. అందుకని చెల్లెకు ఫోన్ చేసి, అత్తమ్మ ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడించమని అడిగాను. రాయాలనుకున్నది రాయాలనుకున్నట్టే చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన ముచ్చట లేకుంట ఇల్లు ఎట్ల నిండుతది బిడ్డా? చదువు. గని ఏడిపిచ్చేటట్టు చదవకు, ఆయన నగుమోముగలోడు" అన్నది. ఇంకో మాట కూడా చెప్పింది. పెద్దల ఫొటో దక్షిణం గోడకు ఉండాలని, ఉత్తరం చూస్తుండాలని, కొత్తింట్ల మూడు రాత్రులు పండుకున్న తర్వాతనే ఎక్కించాలని. నేను అప్పటికే 'ఈ రోజే ఆ ఫొటోను గోడకు ఎక్కించు' అని ఒక వాక్యం మనసులో కట్టుకొని ఉన్నాను. అది అక్కడే పోయింది. కాగితంలో రోజు చెప్పకుండా, గోడ మాత్రమే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

నోటుపుస్తకంలో ఉన్న జ్ఞాపకాల్లో నా మనసుకు అన్నింటికంటే దగ్గరిది ఇంకొకటి ఉండేది. దానిని తీసేయడానికి రెండు రోజులు పట్టింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్ననాట, శాశ్వత పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లలకు పళ్ల మీద పసుపు, గోధుమరంగు మరకలు పడతాయి, ఎంత తోమినా అవి పోవు. మా బావకు అవి ఉన్నాయి. కళాశాల రోజుల్లో ఏ ఫొటోలోనూ పెదవులు తెరవలేదు. పెళ్లి ఫొటోలోనూ అంతే. బిడ్డ పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో తీసిన ఒక్క ఫొటోలో మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. 'ఈ ఇంట్లో నువ్వు ఎప్పుడూ అలాగే నవ్వాలి' అని రాశాను. రాసిన వాక్యం బాగుంది. కాని రెండు వందల మంది బంధువుల ముందు, వియ్యంకుల ముందు, అతడు జీవితమంతా దాచుకున్నదానిని నేను ప్రేమతోనైనా సరే ఎత్తి చూపినట్లవుతుంది. ఆ మాట విన్న వెంటనే అందరి చూపూ అతని నోటి మీదికి పోతుంది, అతడు మళ్లీ పెదవులు మూసుకుంటాడు. ఏ జ్ఞాపకాన్ని చదవాలి, ఏది మా ఇద్దరి మధ్యనే ఉంచాలి అన్నదానికి నాకు దొరికిన కొలత అది. చదివిన తర్వాత అక్కడున్నవాళ్లు అతని వైపు ఎలా చూస్తారో ముందుగా ఊహించుకోవడం. ఆ వాక్యాన్ని కొట్టేశాను.

ఇక చెల్లె సంగతి. ఇరవై నాలుగేళ్ల జ్ఞాపకాలు నాకూ అతనికీ ఉన్నాయి. ఆమె ఆ ఇంటికి ముందు గడిపిన పన్నెండేళ్ల అద్దె కాపురం గురించి నాకు తెలిసింది తక్కువ. ఆమె అడిగితే రాస్తున్న కాగితంలో ఆమె లేకపోవడం అన్యాయం. కనుక ఆమెనే అడిగాను. అద్దె ఇళ్లలో ఏది గుర్తుంది అంటే ఆమె మొదట నీళ్ల గురించి, మెట్ల గురించి చెప్పి, ఆ తర్వాత అసలుది చెప్పింది. బిడ్డకు నాలుగేళ్లప్పుడు రంగు పెన్సిళ్లతో ముందు గది గోడ మీద గీతలు గీసిందట. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో డబ్బులు పట్టుకున్నారట. అంతకుముందు రాత్రి తడిబట్టతో, ఆపైన సున్నంతో ఆ గోడను తుడుస్తూ కూర్చుంటే బిడ్డ లేచి వచ్చి, తానే తప్పు చేశానని మూలకు నిలబడిందట. ఆ తర్వాత ఆ పిల్ల గోడకు చెయ్యి ఆనించి నడవడం కూడా మానేసిందని చెబుతూ ఆమె ఆగిపోయింది. తండ్రి ఫొటో, బిడ్డ గీతలు, రెండూ గోడ సంగతులే కావడం నాకు కాకతాళీయంగా అనిపించలేదు. అద్దె ఇంట్లో మనిషి అన్నీ వాడుకుంటాడు గాని గోడను మాత్రం తాకడు.

నేను ఉత్సాహంగా అదంతా రాసి వినిపిస్తే, చెల్లె వెంటనే, "అన్నా, ఆ ఇంటోళ్లను గూడ పిలిచినం. వస్తరు" అన్నది. డబ్బులు పట్టుకున్న ఆ యజమాని కుటుంబం అతిథులుగా వచ్చి అక్కడే కూర్చొని ఉంటుందన్నమాట. పాత గొడవను శుభాకాంక్షలో తీర్చుకుంటే ఆ రోజు ఆ దంపతులకు తలవంపులే మిగులుతాయి. కాబట్టి వాక్యాన్ని తిరగేశాను. వాళ్లు వద్దన్నారు అనడానికి బదులు మనం జాగ్రత్తగా చూసుకున్నాము అని రాశాను. సంగతి అదే, మాట పడేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మరో పొరపాటు చివరి ప్రతిలో బయటపడింది. 'ఈ ఇంట్లో మొదటి మేకు నీ తండ్రి ఫొటోకు కొట్టాలి' అని రాసుకున్నాను. ఎందుకైనా మంచిదని చెల్లెను అడిగితే, దర్వాజకు తోరణం కట్టడానికి వడ్రంగి అప్పటికే రెండు మేకులు కొట్టాడని, వైరింగ్ వాళ్లు ఇంకెన్నో కొట్టారని చెప్పింది. 'మొదటి' అన్న మాట వినసొంపుగా ఉంది గాని అబద్ధం, ఆ అబద్ధం ఆ ఇంట్లో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. దానిని 'నీ చేత్తో కొట్టే మేకు' అని మార్చాను.

భాష విషయంలో రెండే ఇబ్బందులు పడ్డాను. బావను నేను ఎప్పుడూ 'నువ్వు' అంటాను, ఇద్దరినీ కలిపి అంటే 'మీరు' అవుతుంది. ఒక్కొక్కరి జ్ఞాపకం చెప్పినంతసేపు 'నువ్వు' అని, ఇద్దరినీ కలిపి అన్నచోట 'మీరు' అని మారాను. బావ నుంచి చెల్లె వైపు తిరిగిన చోట ఆమెను పేరు పెట్టి పిలవకుండా 'చెల్లె' అని పిలిచినందువల్ల వినేవాళ్లకు తికమక లేకపోయింది. రెండవది, ప్రతి కోరికా 'కోరుకుంటున్నాను' అని ముగిస్తే నాలుగో వాక్యానికి అది దరఖాస్తులా వినిపించింది. మన భాషలో 'కావాలి, ఉండాలి, వినబడాలి' అనే రూపంలోనే కోరిక ఉంది, 'నేను కోరుతున్నాను' అని వేరే చెప్పనక్కరలేదు. కోరికలను కూడా మూడుకే పరిమితం చేశాను. డబ్బుతో పనిలేనివి, ఆ ఇంట్లోనే జరగగలిగేవి మాత్రమే ఉంచాను. కొడుకు పుట్టాలని దీవించేవాళ్లు ఆ రోజు ఎలాగూ ఉంటారు. ఉన్న బిడ్డ పక్కనే నిలబడి వింటుంది కనుక అటువంటిది నా కాగితంలోకి రానివ్వలేదు.

గృహప్రవేశం ముందురోజు కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నల్లగొండకు బస్సులో పోతూ ఆ కాగితాన్ని పెదవులు కదుపుతూ నాలుగైదు సార్లు చదువుకున్నాను. ఊపిరి అందని చోట్ల వాక్యాన్ని విరిచాను. తుది ప్రతిని ఠావు కాగితం మీద చేత్తో రాశాను. అది ఇది:

"బావా, రామగిరిలో మనం ఉన్న గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ గూట్లో ఒక పక్క మన పుస్తకాలు, ఒక పక్క మీ నాయన ఫొటో ఉండేవి. వాన వస్తే పుస్తకాలు తడిసినా నువ్వు ముందు ఫొటోనే తీసేవాడివి. ఆ తర్వాత నాలుగు ఇళ్లు మారావు. ఒకరి గోడకు గాయం చేయవద్దని ప్రతి ఇంట్లోనూ ఆ ఫొటోను ఆనించే ఉంచావు. సామాను ఎత్తిన ప్రతిసారీ అన్నింటికంటే చివర, తువ్వాలలో చుట్టి, దానిని నువ్వే ఎత్తుకొని నడిచావు. నేను నీ వెనుక బిందెలు పట్టుకొని వచ్చాను గనుక నాకు తెలుసు.

చెల్లె, నువ్వు కూడా పన్నెండేళ్లు పరాయి గోడలను మన గోడలకంటే భద్రంగా చూశావు. బిడ్డ చేతిలోని రంగు గోడకు అంటకుండా కాచుకున్నావు.

ఇక ఈ గోడలు మీవి. దక్షిణం గోడకు నీ చేత్తో కొట్టే మేకుకు మీ నాయన ఫొటో వేలాడాలి బావా, ఆయన ఈ ఇంట్లో వచ్చేవాళ్లను, పోయేవాళ్లను చూస్తుండాలి. ఒక గోడను, మీకు ఇష్టమైన ఏ గోడనైనా, బిడ్డకు వదిలిపెట్టాలి. ఆమె దాని మీద గీసింది ఆమె పెద్దదయ్యేదాకా ఉండాలి. మూడవది నా కోసం. నేను మహబూబ్‌నగర్ నుంచి చెప్పకుండా వచ్చి తలుపు కొడితే, రామగిరి గదిలో లాగానే, 'ఎవరు?' అని అడగకుండా తలుపు తీయాలి."

సత్యనారాయణ వ్రతం అయిపోయి, బంతికి ఆకులు వేయకముందు, ఆ రెండింటి మధ్యా కాస్త సందు దొరికినప్పుడు నిలబడి చదివాను. మైకు లేదు. వంట దగ్గరి చప్పుడులో వెనుక ఉన్నవాళ్లకు సగం వినబడి ఉండదు. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. బావ తల వంచుకొని పంచె అంచును మడుస్తూ విన్నాడు. పాత ఇంటి యజమాని భార్య, బిందెల మాట దగ్గర, తమ ఇంటికి వాళ్లు వచ్చిన రోజు కూడా అట్లనే వచ్చారని పక్కామెతో చెప్పడం నాకు వినబడింది. భోజనాల తర్వాత తల్లి ఆ కాగితం అడిగి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకొని, తాత ముచ్చట ఉన్న చోటు మళ్లీ చదివించుకుంది. ఆ పిల్ల నా గొలుసుకట్టు రాత చదవలేక 'తువ్వాల' దగ్గర ఆగిపోతే, నాయనమ్మనే ఆ మాట అందించింది.

ఉగాది సెలవుల్లో మళ్లీ పోయాను, చెప్పకుండానే. తలుపు తీసింది బిడ్డ. ఫొటో దక్షిణం గోడకు ఉంది, అయితే మామూలుగా అందరి ఇళ్లలో కనబడేంత ఎత్తులో లేదు, నా భుజానికి కాస్త పైన ఉంది. ఎందుకు అంత కిందికి కొట్టావని బావను అడిగితే, "అమ్మకు అందాలె గద బావా. స్టూలు ఎక్కకుంట పొద్దున కొంగుతోని తుడుస్తది" అన్నాడు. వంటింటి తలుపు వెనుక గోడ మీద, తెల్ల రంగుపై, ఎర్ర పెన్సిల్‌తో గీసిన ఒక ఇల్లు ఉంది. దానికి రెండు కిటికీలు.